ఫ్రెంచ్ టోస్ట్ లోపల ముద్ద కాకుండా: గుడ్డెంత, పాలెన్ని, ఎంతసేపు నానాలి

ఫ్రెంచ్ టోస్ట్ పైన చక్కగా కాలి, కోస్తే మధ్యలో తడి ముద్దగా ఉంటే, రెండోసారి చేసేటప్పుడు చాలామంది నానబెట్టే సమయం తగ్గిస్తారు. తడి తగ్గే మాట నిజమే. కానీ అప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది: చుట్టూ పల్చటి ఆమ్లెట్ పొర, లోపల ఏ రుచీ అంటని పొడి బ్రెడ్. మంచి ఫ్రెంచ్ టోస్ట్‌లో అంచు నుంచి మధ్యదాకా ముక్క మొత్తం నానాలి. ముక్క నానడం వల్ల ముద్ద కాదు, పీల్చుకున్నదంతా గడ్డకట్టకపోవడం వల్ల ముద్ద అవుతుంది.

గడ్డకట్టాలంటే మూడు కుదరాలి. గుడ్డు, పాలు కలిపిన మిశ్రమాన్ని పట్టుకోవడానికి బ్రెడ్‌లో చోటుండాలి. ఆ మిశ్రమాన్ని బిగించేటంత గుడ్డు అందులో ఉండాలి. ముక్క మధ్యదాకా వేడి చేరేంత సేపు పెనం మీద ఉండాలి. చెడిపోయిన ప్రతి ముక్కలోనూ ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. ఏది తప్పిందో ముక్కను కోసి చూస్తే తెలుస్తుంది కూడా. ఆ గుర్తులు చివర్లో చెప్పుకుందాం, ముందు పాళ్లు చూద్దాం.

## గుడ్డుకు పాలెన్ని

గుర్తుపెట్టుకోవాల్సిన కొలత ఒకటే: ఒక పెద్ద గుడ్డుకు 60 మిల్లీలీటర్ల పాలు, అంటే పావు కప్పు. పెంకు తీసేస్తే పెద్ద గుడ్డు సుమారు 50 గ్రాములుంటుంది. మీ దగ్గరున్న గుడ్లు చిన్నవైతే లెక్క మారిపోతుంది కాబట్టి, గుడ్లను పగలగొట్టి సొనను తూచి, దాని బరువుకు 1.2 రెట్లు పాలు పోసుకోవడం మేలు. 40 గ్రాముల సొన వచ్చిన గుడ్డుకు 48 మిల్లీలీటర్లు చాలు. చిన్న గుడ్లు తీసుకుని, పాలు మాత్రం పెద్ద గుడ్ల లెక్కలో పోయడం వల్ల పాడయ్యే టోస్టులు చాలానే ఉంటాయి.

ఈ కొలత ఎందుకో తెలిస్తే, ఎప్పుడు ఎంత సడలించవచ్చో మీరే నిర్ణయించుకోవచ్చు. వేడికి గట్టిపడే గుణం గుడ్డు ప్రోటీన్లది. వేడి తగిలినంత మాత్రాన పాలు అలా గట్టిపడవు. గుడ్డు వేడెక్కినప్పుడు చుట్టలు చుట్టుకుని ఉన్న దాని ప్రోటీన్లు విడిపోయి, ఒకదానితో ఒకటి పెనవేసుకుని వలలా ఏర్పడతాయి. చుట్టూ ఉన్న నీళ్లు ఆ వలలో చిక్కుకుంటాయి. అందుకే ద్రవం గడ్డకడుతుంది. పాలలో సుమారు 87 శాతం నీళ్లే. పాలు పోసిన కొద్దీ గుడ్డు ప్రోటీన్లు ఒకదానికొకటి దూరమై వల పలచబడుతుంది, గడ్డకట్టడానికి కావాల్సిన వేడి కూడా పెరుగుతుంది. విడిగా గిలక్కొట్టిన గుడ్డు 70 డిగ్రీల సెల్సియస్ దాటుతుండగానే బిగుస్తుంది. పాలు, చక్కెర కలిపిన మిశ్రమానికి 80 డిగ్రీల దాకా వేడి కావాలి.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. గిన్నెలో చేసే కస్టర్డ్‌కి ఒక గుడ్డుకు 120 మిల్లీలీటర్ల పాలు పోస్తారు, అది గడ్డకడుతుంది కదా, మరి బ్రెడ్‌లో ఎందుకు కట్టదు? కట్టకపోవడం కాదు, కట్టినా చాలదు. ఆ పాళ్లలో చేసిన కస్టర్డ్ చెంచా తగిలితే వణికేంత మెత్తగా ఉంటుంది. గిన్నెలో అదే దాని అందం. అదే మెత్తదనం బ్రెడ్ రంధ్రాల్లో ఉంటే, కొరికినప్పుడు పంటికి తడి ముద్దే తగులుతుంది. పైగా గిన్నె కస్టర్డ్ ఓవెన్‌లో అరగంట, ముప్పావుగంట నెమ్మదిగా ఉడుకుతుంది. పెనం మీద ముక్కకు దొరికేది ఏడెనిమిది నిమిషాలే.

ఇంకో సంగతి ఉంది. తాజా బ్రెడ్‌లోనే మూడో వంతుకు పైగా నీళ్లుంటాయి. మీరు గిన్నెలో కలిపిన పాళ్లకు ఆ నీళ్లు కూడా తోడవుతాయి. గిన్నెలో సరిగ్గా ఉన్న మిశ్రమం ముక్కలోకి వెళ్లాక పలచబడటానికి కారణం ఇదే.

పాలను 60 నుంచి కిందికి, పైకి జరిపితే ఏమవుతుందో చూడండి. గుడ్డుకు 30 మిల్లీలీటర్లే పోస్తే మిశ్రమం చిక్కగా, జిగటగా ఉండి బ్రెడ్ లోపలికి పోదు. పైన పొరలా అంటుకుని ఆమ్లెట్ రుచి వస్తుంది. 45 దగ్గర ముక్క గట్టిగా, గుడ్డు రుచి కాస్త ముందుకొచ్చేలా ఉంటుంది. పలచటి శాండ్‌విచ్ బ్రెడ్‌కి, అదీ తాజాగా ఉన్నప్పుడు, నేనైతే ఈ కొలతే సరైనదంటాను. 60 చాలా బ్రెడ్‌లకు సరిపోతుంది. బాగా ఆరబెట్టిన మందపాటి ముక్కలకు 75 లేదా 80 దాకా వెళ్లవచ్చు, లోపల క్రీములా మెత్తగా వస్తుంది. అయితే వాటిని చివర్లో ఓవెన్‌లో ఉంచే వీలు ఉండాలి. 100 దాటితే పెనం మీద పని అవదు.

మెత్తదనం కావాలి, తడి మాత్రం వద్దనుకునేవాళ్లకు పాలు పెంచడం కన్నా మంచి దారి పచ్చసొన. రెండు గుడ్లకు ఒక పచ్చసొన అదనంగా వేయండి. తెల్లసొనలో దాదాపు తొంభై శాతం నీళ్లుంటే పచ్చసొనలో సగమే నీళ్లు, మిగతాది ఎక్కువగా కొవ్వు, ప్రోటీను. మిశ్రమం చిక్కబడుతుంది, ఉడికాక నున్నగా ఉంటుంది. గుడ్డు నీచు వాసన ప్రధానంగా తెల్లసొన నుంచే వస్తుంది కాబట్టి దాని వాటా తగ్గి వాసన కూడా తగ్గుతుంది. పాలలో నాలుగో వంతు తీసేసి క్రీము పోసినా ఇలాంటి ఫలితమే వస్తుంది. వెన్న తీసిన పాలు వాడితే గడ్డకట్టడంలో తేడా ఉండదు, రుచి మాత్రం చప్పగా ఉంటుంది.

చక్కెర గుడ్డుకు ఒక టీస్పూన్ మించొద్దు. ఎక్కువ వేస్తే రెండు నష్టాలు. గుడ్డు బిగుసుకోవడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, ఆలోగా పైభాగం మాడుతుంది. తీపి ఎక్కువ కావాలంటే వడ్డించేటప్పుడు పైన వేసుకోవచ్చు.

## బ్రెడ్‌లో చోటు చేయడం

పాళ్లు ఎంత సరిగ్గా ఉన్నా, బ్రెడ్ తాజాగా మెత్తగా ఉంటే ముక్క ముద్దవుతుంది. తాజా ముక్క రంధ్రాల గోడలు మెత్తగా, అప్పటికే తేమతో నిండి ఉంటాయి. మిశ్రమం తగలగానే ఆ గోడలు కూలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు ముక్క పైపొర పేస్టులా మారిపోతుంది, మధ్యలోకి ద్రవం వెళ్లే దారి మూసుకుపోతుంది. ఎత్తితే అంచు చేతిలో ఉండి మధ్య భాగం తెగిపడుతుంది.

పాత బ్రెడ్ వాడమని అందరూ చెప్పే మాట వెనక ఉన్న కారణం ఇదే. కానీ పాతబడటం వేరు, ఆరడం వేరు. కవర్లో మూసి ఉంచిన బ్రెడ్ మూడు రోజులకు గట్టిపడుతుంది. దానిలోని నీళ్లు మాత్రం ఎక్కడికీ పోవు. పిండిపదార్థం మళ్లీ స్ఫటికంలా పేరుకోవడం వల్ల వచ్చే గట్టిదనం అది, వేడి తగలగానే తిరిగి మెత్తబడుతుంది. అలాంటి ముక్క నానేటప్పుడు తాజా ముక్క కన్నా నయంగా నిలబడుతుంది గానీ, మిశ్రమానికి కొత్తగా చోటేమీ దొరకదు. చోటు దొరకాలంటే నీళ్లు బయటికి పోవాలి, అంటే ఆరబెట్టాల్సిందే.

ఓవెన్ ఉంటే 120 డిగ్రీల సెల్సియస్‌లో ముక్కలను తీగల స్టాండు మీద పరిచి 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. సగం సమయంలో ఒకసారి తిప్పండి. రంగు మారకూడదు. పైన చేత్తో రాస్తే గరుకుగా, పొడిగా ఉండాలి, మధ్యలో నొక్కితే కొంచెం మెత్తదనం మిగిలి ఉండాలి. ఓవెన్ లేకపోతే రాత్రి ముక్కలు కోసి, రెండు వైపులా గాలి ఆడేలా స్టాండు మీద పెట్టి పలచటి గుడ్డ కప్పి వదిలేయండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ పద్ధతి అంతగా పనిచేయదు. అప్పుడు నూనె లేని పెనం మీద సన్న సెగన ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు ఉంచి ఆరనివ్వండి. టోస్టర్ వాడితే త్వరగా అవుతుంది, కానీ అది పైన గట్టి పెంకు కట్టిస్తుంది, ఆ పెంకు దాటి మిశ్రమం లోపలికి పోవడానికి చాలా సేపు పడుతుంది. టోస్టరే దిక్కయితే అన్నిటికన్నా తక్కువ సెట్టింగులో పెట్టండి.

మందం 2 సెంటీమీటర్లు ఉంటే పని తేలిక. ముందే కోసి అమ్మే శాండ్‌విచ్ బ్రెడ్ ముక్క ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ ఉంటుంది. దానితో కూడా బాగా చేయవచ్చు గానీ నానే సమయంలో పది సెకన్ల తేడా కూడా తెలిసిపోతుంది. 3 సెంటీమీటర్లు దాటిన ముక్క పెనం మీద మధ్యదాకా ఉడకదు, ఓవెన్ తప్పనిసరి. గుడ్డు, వెన్న వేసి చేసిన బ్రియోష్ లాంటి రొట్టెలు ఇట్టే పీల్చుకుంటాయి, ఇట్టే చిరుగుతాయి కూడా. పైన గట్టి పెంకు, లోపల సాగే గుజ్జు ఉన్న రొట్టెలు నెమ్మదిగా నాని బాగా నిలబడతాయి.

## ఎంతసేపు నానాలి

ఇన్ని సెకన్లని ఒకే సంఖ్య చెప్పడం కుదరదు. అది బ్రెడ్ రకాన్ని, అది ఎంత ఆరిందన్నదాన్ని బట్టి మారుతుంది. సెంటీమీటరు మందం ఉన్న తాజా శాండ్‌విచ్ ముక్కకు ఒక్కో వైపు 8 నుంచి 10 సెకన్లు చాలు. అదే ముక్క ఆరబెట్టి ఉంటే 20 నుంచి 30. రెండు సెంటీమీటర్ల ఆరిన బ్రియోష్ లాంటి ముక్కకు ఒక్కో వైపు నిమిషం నుంచి నిమిషంన్నర. గట్టి గుజ్జున్న రొట్టె ముక్క ఆరి ఉంటే ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కూడా పట్టవచ్చు.

సమయం కన్నా చేతికి తెలిసే గుర్తులు నమ్మదగినవి. ముక్క కింద అట్లకాడ పెట్టి ఎత్తండి. అది కొంచెం వంగాలి, చిరగకూడదు. సన్నని పుల్లతో మధ్యలో గుచ్చితే పొడి బ్రెడ్ గరుకు తగలకుండా దిగాలి. వేలితో మధ్యలో మెల్లగా నొక్కితే చుట్టూ తడి ఊరాలి, వేలు తీయగానే మళ్లీ లోపలికి పోవాలి. ఊరిన తడి పైనే మడుగులా నిలిచిపోతే ముక్క తన చోటు మించి తాగిందని అర్థం.

తూకం ఉంటే ఇంకా సులువు. ఆరిన ముక్క బరువు చూసి, నానాక మళ్లీ చూడండి. ముక్క తన ఆరిన బరువుకు దాదాపు సమానంగా, లేదా పావు వంతు ఎక్కువగా ద్రవాన్ని పీల్చుకుంటే సరిగ్గా నానినట్టు. 40 గ్రాముల ముక్క 80 నుంచి 90 గ్రాములు తూగాలి. 110 తూగితే పెనం మీద దాన్ని ఉడికించడం కష్టం. మీరు మామూలుగా వాడే బ్రెడ్‌తో ఒకసారి ఇలా తూచి చూసుకుంటే, తర్వాత తూకం అక్కర్లేకుండానే సమయం తెలిసిపోతుంది.

నానబెట్టే పాత్ర వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. లోతైన గిన్నెలో ముంచితే ముక్క వంగి మధ్యలో చిరుగుతుంది, రెండు వైపులా ఒకేలా నానదు. పాలు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవైతే కాసేపు బయట ఉంచండి. చల్లటి ముక్క పెనం మీదికెళితే పైన ఎర్రబడేసరికి మధ్యలో ఇంకా చల్లగానే ఉంటుంది.

## నాలుగు ముక్కలకు లెక్క, పద్ధతి

ఇప్పుడు ఒక విడత పూర్తిగా చేద్దాం. రెండు సెంటీమీటర్ల మందం, ఒక్కోటి సుమారు 45 గ్రాములున్న నాలుగు ముక్కలు తీసుకుందాం. ఆరబెట్టాక ఒక్కోటి 40 గ్రాములకు దిగుతుందనుకుందాం. ఒక్కో ముక్క 50 గ్రాముల దాకా తాగుతుంది, అంటే నాలుగింటికి 200 గ్రాములు. గిన్నెకు అంటుకునేది, కారిపోయేది కలుపుకుని 230 గ్రాముల మిశ్రమం సిద్ధం చేయాలి. రెండు పెద్ద గుడ్లు, 120 మిల్లీలీటర్ల పాలు, రెండు టీస్పూన్ల చక్కెర కలిపితే దాదాపు అంతే వస్తుంది.

ఈ లెక్కలో ముక్క తాగిన 50 గ్రాముల్లో గుడ్డు దాదాపు 22 గ్రాములుంటుంది. అదే రెండు గుడ్లకు 240 మిల్లీలీటర్లు పోసి ఉంటే ఆ 50 గ్రాముల్లో గుడ్డు 14 గ్రాములే. ముక్క అదే, నానిన సమయమూ అదే, పైకి చూస్తే తేడా కూడా కనబడదు. లోపల బిగించే పదార్థం మాత్రం మూడో వంతు తగ్గిపోయింది.

1. ముక్కలను పైన చెప్పినట్టు ఆరబెట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి ముక్క ద్రవాన్ని గబగబా లాగేసి అంచుల్లో చిరుగుతుంది.

2. ముందు గుడ్లు, చక్కెర, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టండి. దాల్చినచెక్క పొడి వేసేటట్టయితే చక్కెరలో కలిపి ఇప్పుడే వేయండి. పాలు పోశాక వేస్తే పైన ఉండలుగా తేలి మొదటి ముక్కకే మొత్తం అంటుకుంటుంది. తెల్లసొన తీగలు కనబడకుండా పోయేదాకా కలపండి, నురుగు రానక్కర్లేదు.

3. పాలు, అర టీస్పూన్ వెనిల్లా కలిపి జల్లెడలో వడకట్టండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. కలవని తెల్లసొన ముక్కలోకి ఇంకదు, పైన నిలిచి పెనం మీద తెల్లటి చారలుగా ఉడుకుతుంది. పైగా తెల్లసొన బయట ఉండిపోతే లోపలికి వెళ్లే మిశ్రమంలో గుడ్డు తగ్గి పాలు మిగులుతాయి.

4. వెడల్పాటి పళ్లెంలో మిశ్రమం పోసి రెండేసి ముక్కలు పెట్టండి. ఒక్కో వైపు నిమిషం నుంచి నిమిషంన్నర. మొదటి రెండు ముక్కలు మొత్తం తాగేయకుండా సగం మిశ్రమం పక్కన ఉంచి రెండో విడతకు పోయండి. లేకపోతే రెండు ముక్కలు ముద్దగా, రెండు పొడిగా వస్తాయి.

5. ఎత్తి, పైనుంచి ధారగా కారేది ఆగేదాకా పళ్లెం మీదే పట్టుకోండి. తర్వాత తీగల స్టాండు మీద ఒక నిమిషం ఉంచండి. ఈ నిమిషంలో పైనున్న తడి లోపలికి సర్దుకుంటుంది. ముక్క పెనం మీద పడగానే చుట్టూ గుడ్డు అంచు పరుచుకోకుండా ఉంటుంది.

6. పెనం మధ్యస్థ మంట కన్నా కొంచెం తక్కువలో రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఒక టీస్పూన్ నూనె, ఒక టీస్పూన్ వెన్న వేయండి. వెన్న నురగ తగ్గుతుండగా ముక్కలు వేయాలి. వెన్న వెంటనే గోధుమరంగుకు తిరిగితే పెనం మరీ వేడిగా ఉన్నట్టు, కాసేపు దించండి.

7. మొదటి వైపు నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచండి. రెండో వైపు మూడు నుంచి నాలుగు నిమిషాలు. మందపాటి ముక్కలను అట్లకాడతో నిలబెట్టి అంచులు కూడా అర నిమిషం చొప్పున కాల్చండి. అంచుల్లోంచి పచ్చి మిశ్రమం కారకుండా ఉంటుంది.

8. మధ్యలో కొద్దిగా ఉబ్బితే, వేలితో నొక్కినప్పుడు తడి ఊరకుండా తిరిగి లేస్తే ఉడికినట్టు. థర్మామీటర్ ఉంటే ముక్క పక్క నుంచి మధ్యకు గుచ్చి చూడండి, 80 డిగ్రీల దగ్గర ఉండాలి. గుడ్డు వంటకాలు తినడానికి సురక్షితం కావాలంటే కనీసం 71 డిగ్రీలు దాటాలి. పైన రంగొచ్చినా లోపల ఆ వేడి రాకపోతే 170 డిగ్రీల ఓవెన్‌లో స్టాండు మీద ఐదారు నిమిషాలు పెట్టండి.

సన్న సెగ ఎందుకంటే, నానిన ముక్క పైభాగంలో నీళ్లున్నంతసేపు ఆ చోటు 100 డిగ్రీలు దాటదు. ఆ తడి ఆవిరైపోయాక, 140 డిగ్రీలు దాటితేనే ఎరుపు రంగు వస్తుంది. పెద్ద మంట పెడితే పై తడి రెండు నిమిషాల్లో ఆవిరై రంగు వచ్చేస్తుంది, మధ్యకు వేడి చేరడానికి ఆ సమయం చాలదు. బ్రెడ్ లోపలంతా గాలి రంధ్రాలే కాబట్టి వేడి మెల్లగానే పాకుతుంది, తొందరపెట్టి లాభం లేదు.

## కోసి చూస్తే తెలిసేవి

ముద్దగా ఉన్న ముక్కలన్నీ ఒకేలా కనబడతాయి గానీ కారణాలు వేరు, చేయాల్సిన మార్పులు కూడా వేరు. కాబట్టి ఒక ముక్కను సగానికి కోసి, కోసిన చోట చూడండి.

మధ్యలో పసుపు రంగు చిక్కటి ద్రవం కనబడి, చెంచాతో నొక్కితే జిగటగా అంటుకుంటే అది పచ్చి గుడ్డు. పాళ్లు సరిగ్గానే ఉన్నాయి, వేడి చేరలేదు. సెగ తగ్గించి సమయం పెంచాలి. ఆ ముక్కను ఓవెన్‌లో పెడితే బాగుపడుతుంది కూడా.

మధ్య భాగం తెల్లగా, ఉడికినట్టే ఉండి, నొక్కితే పాల రంగు పలచటి నీళ్లు బయటికి వస్తే పాలు ఎక్కువయ్యాయని అర్థం. గుడ్డు గడ్డకట్టింది కానీ అన్ని నీళ్లను పట్టుకోలేకపోయింది. ఇంకా ఉడికించినా ఇది బాగుపడదు, ఇంకొన్ని నీళ్లు వదులుతుంది. మిగిలిన మిశ్రమంలో ఇంకో గుడ్డు కలిపి తర్వాతి ముక్కలను కాపాడుకోవడమే మార్గం.

దీనికి దగ్గరగా కనబడే ఇంకో తప్పు ఉంది. పాళ్లు సరిగ్గా ఉన్నా మితిమీరి ఉడికితే గుడ్డు వల మరీ బిగుసుకుని తనలో ఉన్న నీళ్లను బయటికి పిండేస్తుంది. అప్పుడు కూడా నీళ్లు కారతాయి, కానీ గుజ్జు రబ్బరులా సాగుతుంది, రంధ్రాల చుట్టూ చిన్న చిన్న గుడ్డు పలుకులు కనబడతాయి. పాలు ఎక్కువైన ముక్క అయితే వణికేంత మెత్తగా ఉంటుంది. ఈ తేడా చూడకుండా పాలు తగ్గిస్తే తర్వాతి విడత మరింత గట్టిగా వస్తుంది.

కోసిన చోట పైన, కింద చెరో పావు వంతు పేస్టులా చిక్కగా అతుక్కుపోయి, నట్టనడుమ మాత్రం పొడి బ్రెడ్ కనబడితే తప్పు బ్రెడ్‌ది. తాజా ముక్క గోడలు కూలి దారి మూసుకుపోయింది. ఇలాంటి బ్రెడ్‌ని ఎక్కువసేపు నానబెడితే పేస్టు పెరుగుతుందే తప్ప మధ్య నానదు. ఆరబెట్టాలి, అంత తీరిక లేకపోతే గుడ్డుకు 45 మిల్లీలీటర్ల పాలు పోసి పది సెకన్లలో తీసేయాలి.

లోపల బాగుండి, పెనం మీద కరకరలాడిన పైభాగం పళ్లెంలోకి వచ్చాక మెత్తబడితే అది ఆవిరి పని. ముక్క లోపలి నుంచి వచ్చే ఆవిరి కింద చదునైన పళ్లేనికి తగిలి నీరై తిరిగి ముక్కలోకే ఇంకుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చితే ఇంకా త్వరగా మెత్తబడతాయి. పెనం మీద మూత పెట్టినా ఇదే జరుగుతుంది. తీసిన ముక్కలను తీగల స్టాండు మీద విడివిడిగా ఉంచండి. అందరికీ ఒకేసారి వడ్డించాలంటే ఆ స్టాండును 90 నుంచి 100 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి ఇరవై నిమిషాల దాకా ఉంచవచ్చు. సిరప్, పండ్ల రసం లాంటివి తినే ముందే వేయాలి.

## రాత్రే నానబెట్టాలంటే

పెనం మీద చేసే ముక్కలను రాత్రంతా నానబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. బ్రెడ్ తన చోటు కొన్ని నిమిషాల్లోనే నింపేసుకుంటుంది. ఆ తర్వాత గడిచే ప్రతి గంటా గోడలను మెత్తబరుస్తుంది. రాత్రే సిద్ధం చేసుకోవాలనుకుంటే మిశ్రమం కలిపి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బ్రెడ్‌ని విడిగా ఆరబెట్టండి. పొద్దున మిశ్రమాన్ని మళ్లీ ఒకసారి కలిపి వాడుకోవచ్చు, అడుగున చక్కెర, పొడులు చేరి ఉంటాయి.

ట్రేలో ముక్కలు పేర్చి ఓవెన్‌లో కాల్చే పద్ధతి వేరు. అందులో సమయం ఎక్కువ దొరుకుతుంది కాబట్టి గుడ్డుకు 80 మిల్లీలీటర్ల దాకా వెళ్లవచ్చు, బాగా ఆరిన మందపాటి ముక్కలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో నానినా నిలబడతాయి. 175 డిగ్రీల దగ్గర అరగంట నుంచి నలభై నిమిషాలు కాల్చి, మధ్యలో ఉబ్బిందో లేదో చూడాలి. మొదటి ఇరవై నిమిషాలు మూత ఉంచి, తర్వాత తీసేస్తే పైన కరకరలాడుతుంది.

మిగిలిపోయిన ముక్కలు స్టాండు మీద పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు రోజులు బాగుంటాయి. మళ్లీ వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు, పైభాగం తోలులా సాగుతుంది. 180 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు, లేదా పొడి పెనం మీద సన్న సెగన ఒక్కో వైపు మూడు నిమిషాలు ఉంచితే పైన మళ్లీ బిగుస్తుంది.